ముందస్తుగా లక్ష కట్టాక వాయిదాలో వడ్డీ రూ.375 మాత్రమే తగ్గింది: ఇది సరైన లెక్కేనా?

మా గృహరుణం రూ.20 లక్షలు, వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు, నెలవారీ వాయిదా రూ.17,995. వాయిదాల పట్టికలో మొదటి నెల వడ్డీ రూ.15,000, అసలు రూ.2,995 అని ఉంది. వడ్డీ మిగిలిన అసలు మీదే పడుతుంది కాబట్టి, రెండో నెల వడ్డీ రూ.14,978కి తగ్గి, ఆ తేడా అసలు వైపు చేరింది. ఇంతవరకు నాకు స్పష్టంగా అర్థమైంది. ఈ లెక్కన అసలు వాటా వడ్డీని దాటేది 149వ వాయిదాలోనే అని తెలిసినందువల్లే, ముందుగానే కొంత కట్టడం మేలనిపించింది.

పన్నెండో వాయిదా తర్వాత, 30 రోజుల నెల సగంలో, లక్ష రూపాయలు అదనంగా చెల్లించాను. పాత పట్టికలో పదమూడో నెల వడ్డీ రూ.14,719. లక్షపై నెల వడ్డీ రూ.750 కనుక అది రూ.13,969 కావాలని నేను లెక్కవేశాను. కొత్త పట్టికలో మాత్రం రూ.14,344 ఉంది, వాయిదా మొత్తం మారలేదు.

రోజువారీ నిల్వపై వడ్డీ కట్టినందువల్ల సగం నెల ప్రయోజనమే లభించిందని అనుకోవచ్చా? అలాగైతే పద్నాలుగో నెల వడ్డీ సుమారు రూ.13,942 ఉండాలి కదా? వాయిదా మొత్తం మారనందున గడువు తగ్గిందో లేదో పట్టికలో ఏ వరుస చూసి నిర్ధారించుకోవాలో కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు.