లారెంజ్ గీత పైన ఖాళీ తగ్గితే ఊర్లల్ల ఆదాయాల తేడా తగ్గినట్టేనా?

నకిరేకల్ అభ్యర్థి
గ్రూప్-2కు చదువుతున్న. ఆదాయంల ఎవరికెంత వాటా పోతదో చూపే లారెంజ్ గీత సమానత్వ రేఖకు ఎంత దగ్గరుంటే అసమానత అంత తక్కువ అని పుస్తకంల ఉంది. కేంద్రం చేసిన గృహ వినియోగ వ్యయ సర్వేల గ్రామాల అసమానతను కొలిచే గిని గుణకం 2022-23ల 0.266 ఉంటే 2023-24ల 0.237కు దిగింది. మన ఊర్లల్ల ఆదాయాల తేడా తగ్గిందని పరీక్షల రాయొచ్చా?

బత్తాయి తోట, హాలియా
రాయొచ్చు తమ్మీ, ఇందుల అనుమానమేముంది? గీత పైకి జరిగింది, గీతకూ సమానత్వ రేఖకూ నడుమ ఖాళీ తగ్గింది, తేడా తగ్గింది. ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఆ ఖాళీ ఎక్కడ లావుగుంటే అక్కడున్నోళ్లకే ఎక్కువ నష్టమైనట్టు. బొమ్మల చూడు, కుడిదిక్కే లావుగుంటది. అంటే దెబ్బ తినేది అట్టడుగున ఉన్నోడు కాదు, మా అసొంటి నడిమిటోళ్లు.

పాలమూరు పత్తి
తగ్గిందా? ఏ ఊర్ల?

లెక్కల సార్, మిర్యాలగూడ
హాలియా అన్న చెప్పినదాంట్లో మొదటి సగం సరే, రెండో సగం తప్పు. చిన్న లెక్క వేసి చూద్దాం. అయిదే ఇండ్లున్న ఊరు అనుకోండి. నెల ఆదాయాలు 5,000, 8,000, 12,000, 15,000, 60,000. మొత్తం లక్ష. తక్కువ వచ్చే ఇంటి నుంచి మొదలుపెట్టి వరసగా నిలబెట్టి, ఒక్కో ఇంటిని కలుపుకుంటూ పోవాలి. మొదటి ఇంటి దగ్గర, అంటే 20 శాతం జనం దగ్గర, చేరిన ఆదాయం 5 శాతం. రెండిండ్లు కలిపితే 13, మూడు కలిపితే 25, నాలుగు కలిపితే 40, అయిదూ కలిస్తే 100. ఈ చుక్కలు కలిపితే వచ్చేదే లారెంజ్ గీత. అందరికీ తలా 20,000 వస్తే 20 దగ్గర 20, 40 దగ్గర 40, అట్లా వంపు లేకుండా తిన్నగా పోయేది సమానత్వ రేఖ.

ఇప్పుడు 80 శాతం దగ్గర చూడండి. గీత 40 మీద ఉంది. చాలామంది పిల్లలు దీన్ని "నాలుగో ఇంటికి 40 శాతం" అని చదువుతారు. అది నాలుగిండ్లకూ కలిపి వచ్చింది. నాలుగో ఇంటి వాటా 15 మాత్రమే.

బత్తాయి తోట, హాలియా
సార్, మీ లెక్కనే నా మాటకు సాక్ష్యం. ఖాళీ మొదటి ఇంటి దగ్గర 15, రెండో ఇంటి దగ్గర 27, తర్వాత 35, నాలుగో ఇంటి దగ్గర 40. అందరికన్నా ఎక్కువ ఖాళీ నాలుగో ఇంటి దగ్గరే గదా? నడిమిటోనికే పెద్ద దెబ్బ అని నేనంది ఇదే.

లెక్కల సార్, మిర్యాలగూడ
కాదన్నా. ఆ 40 నాలుగో ఇంటి లోటు కాదు, నలుగురి లోట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్న కుప్ప. ఎవరి లోటు ఎంతో తెలియాలంటే, ఖాళీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎంత పెరిగిందో చూడాలి. మొదటి ఇంటితో 15 వచ్చింది. రెండో ఇంటితో 12 పెరిగింది, మూడో ఇంటితో 8, నాలుగో ఇంటితో 5. అందరికన్నా పెద్ద లోటు మొదటి ఇంటిదే, నాలుగో ఇంటిది అన్నింటికన్నా చిన్నది. సగటు 20,000 కన్నా తక్కువ వచ్చే ఇల్లు కలిసినంతసేపు ఖాళీ లావెక్కుతూనే ఉంటుంది, సగటు దాటిన ఇల్లు రాగానే సన్నబడుతుంది. కాబట్టి ఖాళీ బాగా లావున్న చోటు చెప్పేది ఒకటే: సగటు కన్నా తక్కువ వచ్చేవాళ్లు ఇక్కడితో అయిపోయారు అని.

ఆ 40కి మాత్రం చక్కటి అర్థం ఉంది. ఊరి మొత్తం ఆదాయంలో 40 శాతం, అంటే 40,000 రూపాయలు, సగటు కన్నా పైనున్న వాళ్ల దగ్గర అదనంగా ఉన్నాయి. అందరినీ సమానం చేయాలంటే అంత చేతులు మారాలి.

నకిరేకల్ అభ్యర్థి
ఇది మా నోట్సుల లేదు సార్. గిని ఒక్కటే ఉంది.

లెక్కల సార్, మిర్యాలగూడ
గిని ఆ ఖాళీ వైశాల్యం నుంచే వస్తుంది. సమానత్వ రేఖ కింద ఉన్న మొత్తం త్రిభుజంలో ఖాళీ ఎంత భాగమో అదే గిని. ఈ ఊరికి లెక్కిస్తే 0.468 వస్తుంది.

పాలమూరు పత్తి
సార్, ఆ మొదటి ఇల్లు నాదే అనుకోండి. రెండెకరాల పత్తి, ఎండిన బోరు. ఏడాది మీద చూస్తే నెలకు 5,000 మిగిలితే గొప్ప. ఇంట్ల ఖర్చు మాత్రం 6,000కు తగ్గదు. ఆ వెయ్యి ఎక్కడిదంటే, విత్తనాలూ మందులూ ఇచ్చే సేటు దగ్గర నూటికి 3 రూపాయల మిత్తికి తెచ్చింది. పత్తి అమ్మిన నాడు కాంటా కాడనే కోసుకుంటడు. మా దగ్గర సగం మంది బతుకు ఇదే. తేడా తగ్గిందని పరీక్షల రాస్తరట!

శ్రావ్య, దేవరకొండ
అన్న మాటలోనే అసలు సంగతి ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. తమ్మి అడిగిన 0.237 ఆదాయం మీద కట్టింది కాదు, ఖర్చు మీద కట్టింది. నేను ఇంటింటి సర్వేలల్ల పనిచేసిన. ఈ సర్వేల అడిగేది బియ్యం ఎంత, నూనె ఎంత, బడి ఫీజు ఎంత, బట్టలెంత అని. సొంత పొలంల పండి ఇంట్ల తిన్న వడ్లకు కూడ విలువ కడతరు. కాని ప్లాటు కొన్న పైసలు, బ్యాంకుల వేసిన పైసలు, తీర్చిన అప్పు ఖర్చు కిందికి రావు.

సార్ ఊరికే ఖర్చు గీత గీసి చూడండి. మొదటి ఇల్లు అప్పు తెచ్చి 6,000 ఖర్చు పెడుతది. రెండో ఇల్లు 8,000, మూడోది 10,000, నాలుగోది 12,000. అయిదో ఇంటికి 60,000 వస్తది గని తిండికీ బట్టకూ బండికీ 24,000 దాటదు. మిగిలిన 36,000 ప్లాట్లకో, మిత్తికి ఇచ్చేటందుకో పోతయి. మొత్తం ఖర్చు 60,000. వాటాలు కలుపుకుంటూ పోతే 10, 23, 40, 60, 100. పెద్ద ఖాళీ 40 నుంచి 20కి పడిపోయింది. అదే ఊరు, అదే నెల, అవే ఇండ్లు.

లెక్కల సార్, మిర్యాలగూడ
లెక్క సరిగ్గా ఉంది శ్రావ్యగారూ. దీని గిని 0.267. ఆదాయం మీద 0.468 వచ్చిన ఊరే ఇది.

శ్రావ్య, దేవరకొండ
ఖాళీ పూడ్చింది ఏందో కూడ చూడుర్రి. కింద అప్పు, పైన దాచుకున్న సొమ్ము. అయిదో ఇల్లే మొదటి ఇంటికి వెయ్యి అప్పిస్తే, ఆ వెయ్యి ఖర్చు గీత వంపును తగ్గిస్తది. వచ్చే ఏడు మిత్తి కట్టినంక ఆదాయం గీత ఇంకింత వంగుతది.

బత్తాయి తోట, హాలియా
అయితే సర్కారు లెక్క దొంగలెక్క అంటరా?

లెక్కల సార్, మిర్యాలగూడ
ఎవరూ అనలేదు. ఖర్చు చూడడానికి గట్టి కారణమే ఉంది. రైతుకు జీతం లెక్క నెలనెలా రాదు. పత్తి పైసలు రెండు మూడు నెలల్లో వచ్చి ఆగిపోతాయి, వాన పడని ఏడు అసలే రావు. ఆ ఏడు ఆదాయం గీత గీస్తే, ఒక్క కరువు దెబ్బను కూడా శాశ్వతమైన తేడాలాగా చూపిస్తుంది. ఖర్చు అంత ఎగిరెగిరి పడదు, జనం నిజంగా ఎట్లా బతుకుతున్నారో చెప్తుంది. నేను చెప్పేది ఒక్కటే. ఖర్చు గీతను చూసి ఆదాయం గురించి తీర్పు చెప్పొద్దు. ఇంకో దేశపు ఆదాయం గీత పక్కన మన ఖర్చు గీత పెట్టి మేమే నయం అనొద్దు.

బత్తాయి తోట, హాలియా
చూసిండ్రా, బతుకు చెప్పేది ఖర్చేనని సారే ఒప్పుకున్నడు. తినేకాడ తేడా తగ్గినప్పుడు ఎవడు ఎంత దాచుకుంటే మీకేంది? మీ లెక్కల అయిదో ఇల్లు ఎప్పుడూ దొంగలాగనే కనపడ్తది. నేను మొక్క పెట్టిననాడు కాపు రాలే. ఏండ్లకేండ్లు ట్యాంకర్ల నీళ్లు పోసిన, ఎండలకు కొన్ని చెట్లు పోయినయి. ఇయాళ నాలుగు పైసలొస్తే ఆ గీత వంగిందంట, నేను అదనంగ పెట్టుకున్ననంట. నా 40,000 తీసి పంచుతరా?

పాలమూరు పత్తి
నేను కష్టపడలేదా? బోరు మీద బోరు వేసిన. నీ కాడ నీళ్లు పడ్డయి, నా కాడ పడలే. బొంబాయిల మట్టి పని చేసొచ్చిన మనిషిని, నాకు కష్టం గురించి చెప్పకు.

తిప్పర్తి
తిట్టుకోకుర్రి అన్నా, ఇద్దరూ రైతులే.

లెక్కల సార్, మిర్యాలగూడ
హాలియా అన్నా, చేతులు మారాలి అన్నది కొలత చెప్పడానికే, పంచమని కాదు. ఆ సమానత్వ రేఖ ఎంత దూరం ఉన్నామో చూసుకునే కొలబద్ద. ఖాళీ కష్టం వల్ల వచ్చిందా, నీళ్ల వల్ల వచ్చిందా, తాత ఇచ్చిన భూమి వల్ల వచ్చిందా అన్నది గీతకు తెలియదు. మీరిద్దరూ కొట్లాడుతున్నది సరిగ్గా దాని మీదే, దానికి జవాబు ఈ బొమ్మలో దొరకదు.

ఇంకోటి కూడా అది చెప్పదు. ఊర్లో అందరి ఆదాయం రెట్టింపయిందనుకోండి. వాటాలు మారవు కాబట్టి గీత వెంట్రుకంత కూడా కదలదు. అందరూ కలిసి చితికిపోయి తలా 2,000కు దిగితే గీత సమానత్వ రేఖ మీదే పడుకుంటుంది.

పాలమూరు పత్తి
రెట్టింపైతే నాకు 10,000, ఆయనకు లక్షా 20 వేలు. మొదలు మా మధ్య తేడా 55,000, ఇప్పుడు లక్షా 10 వేలు. పక్కన ఎకరం అమ్మకానికొస్తే ఎవడు కొంటడు? గీత కదల్లేదంటే నాకేం నమ్మకం?

బత్తాయి తోట, హాలియా
నీ ఆదాయం కూడ రెట్టింపైంది గదనే! ఇంకేం కావాలె నీకు?

లెక్కల సార్, మిర్యాలగూడ
ఇక్కడ పండితులే ఒక్క మాట మీద లేరు. లారెంజ్ 1905లో ఈ గీత ప్రతిపాదించినప్పుడు వాటాలే లెక్కకు పెట్టుకున్నాడు, రూపాయల్లో దూరం కాదు. పాలమూరు అన్న అడిగేది దూరం. అది తప్పు ప్రశ్న కాదు, ఈ బొమ్మ జవాబిచ్చే ప్రశ్న కాదు.

నకిరేకల్ అభ్యర్థి
సార్, చివరికి ఏం రాయాలె?

శ్రావ్య, దేవరకొండ
"2022-23 నుంచి 2023-24కు గ్రామాల వినియోగ వ్యయంలో అసమానత తగ్గింది" అని రాయి. ఆదాయం అన్న పదం పెట్టకు.

పాలమూరు పత్తి
మరి అక్కా, నా అప్పు ఏ గీతల కనపడ్తది?

శ్రావ్య, దేవరకొండ
ఈ రెండింటిల కనపడదు. అప్పులకూ ఆస్తులకూ వేరే సర్వే ఉంది, 2019ల జాతీయ నమూనా సర్వే 77వ విడతగ చేసిండ్రు. ఆస్తిల నుంచి అప్పు తీసేసి, మిగిలినదాని మీద లారెంజ్ గీత గీయొచ్చు. అప్పు ఆస్తిని మించిన ఇండ్లు వరసల మొదలు నిలబడ్తయి. వాటి వాటా సున్నా కన్నా తక్కువ కాబట్టి గీత సున్నా కాడ మొదలై ముందు అడుగు గీత కిందికి దిగుతది. తర్వాతనే పైకి లేస్తది. పుస్తకాల బొమ్మలల్ల గీత అట్ల కిందికి దిగినట్టు వెయ్యరు.

బత్తాయి తోట, హాలియా
ఆ గీత గీసినా సరే, అప్పు ఎందుకైందో మాత్రం అది చెప్పదు. సారే అన్నడు.

పాలమూరు పత్తి
చెప్పకున్నా మంచిదే. ముందు అప్పుందని కనపడనీ.