గోంగూర మటన్‌లో ఐరన్ ఎవరిది? గోంగూరదా, మటన్‌దా?

పటమట అమ్మ అడిగింది:
మా అమ్మాయికి 19 ఏళ్ళు, 50 కిలోలు. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కళ్ళు తిరుగుతున్నాయంటే పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 9.2, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 6. మూడేళ్ళ కిందట మాంసం మానేసింది. మా ఆడపడుచు మటన్ పెట్టమంటుంది, అమ్మాయేమో తోటకూర, గోంగూర చాలంటుంది. ఎవరి మాట నిజం?

జిమ్ తమ్ముడు:
ఆంటీ, ఇందులో చర్చేముంది? మాంసంలో ఐరన్ ఎక్కువ, ఆకుకూరల్లో ఏమీ ఉండదు. వారం రోజులు వరసగా మేక లివర్ వేయించి పెట్టండి, 12కి వచ్చేస్తుంది. మాత్రలు వేస్టు. కడుపులో మంట తప్ప ఏం రాదు.

అరండల్‌పేట శాకాహారి:
తమ్ముడూ, గోంగూరలో ఏమీ ఉండదా? వంద గ్రాముల గోంగూరకీ వంద గ్రాముల మటన్‌కీ ఐరన్‌లో పెద్ద తేడా ఉండదు. మా ఇంట్లో మూడు తరాలుగా ముక్క ముట్టలేదు, మా అమ్మ 81 ఏళ్ళకి మేడ మెట్లు ఎక్కుతోంది. ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన దగ్గర మాంసం తినని ఇళ్ళెన్ని? మాంసమే మందయితే ఈ లెక్క ఎలా వచ్చింది?

ల్యాబ్ బాబాయి:
31 ఏళ్ళు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. పైన ఇద్దరూ కంచంలో ఎంత ఉందో లెక్కపెడుతున్నారు. పేగు గోడ దాటి ఎంత లోపలికి వెళ్ళిందన్నది వేరే లెక్క.

ఆకుకూరలో, పప్పులో ఉండే ఐరన్‌కి కాపలా ఉండదు. కడుపులో దిగాక పప్పులు, తవుడు పోని గింజల్లో ఉండే ఫైటేట్ దాన్ని పట్టేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని టానిన్ ఇంకొంత పట్టేస్తుంది. అలా చిక్కింది పేగులో జారి బయటికి పోతుంది. మాంసంలో ఐరన్ దాదాపు సగం హీమ్ రూపంలో ఉంటుంది. అంటే ఐరన్ అణువు చుట్టూ ఒక కట్టు ఉంటుంది. ఆ కట్టుతోనే పేగు కణంలోకి వెళ్ళి, లోపలికి వెళ్ళాకే విడిపోతుంది. దారిలో ఫైటేట్, టీ దాన్ని అంతగా ఏమీ చేయలేవు. అందుకే హీమ్‌లో నాలుగో వంతు దాకా ఒంటికి పడుతుంది. మామూలు అన్నం, పప్పు, కూర భోజనంలోని ఐరన్ నూటికి అయిదు పట్టినా గొప్పే.

ఇప్పుడు గోంగూర మటన్ కంచం తీసుకోండి. ఉడికిన ముక్కలు వంద గ్రాములనుకుందాం, అందులో ఐరన్ 2 మిల్లీగ్రాములు. సగం హీమ్, దానిలో పావు వంతు అంటే 0.25 లోపలికి వెళ్తుంది. మిగతా సగంలో ఓ 0.1 పడుతుంది. అదే కంచంలో అన్నం, పప్పు, గోంగూర కలిపి ఇంకో 4 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, ముక్క లేకపోతే అందులో పట్టేది 0.2. ముక్క పక్కనుంటే అది రెండింతలై 0.4 అవుతుంది. మాంసం, చేప కండలోని ప్రోటీన్‌కి ఆ గుణం ఉంది. పాలకి, గుడ్డుకి లేదు. మొత్తం కలిపితే ఉత్త కూరన్నంలో 0.2 వచ్చే చోట 0.75 వచ్చింది. అందులో గోంగూర సొంత వాటా కూడా ముక్క వల్లే పెరిగింది.

నెలసరి వచ్చే ఆడపిల్లకి రోజుకి సుమారు 1.4 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తేనే వచ్చింది, పోయింది సరితూగుతుంది. మాంసం ఎందుకు పనికొస్తుందో ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

అరండల్‌పేట శాకాహారి:
బాబాయి గారూ, మీ లెక్క ఒప్పుకుంటాను. కానీ నిమ్మకాయ పిండితే కూడా ఆకుకూర ఐరన్ రెండు మూడింతలు పడుతుందని నేను విన్నాను. పైగా ఒంట్లో ఐరన్ తగ్గితే పేగే ఎక్కువ లాగుతుందంటారు. మరి మాంసం దాకా ఎందుకు?

ల్యాబ్ బాబాయి:
రెండూ నిజమేనమ్మా. విటమిన్ సి ఆ పని చేస్తుంది, కాకపోతే అదే ముద్దలో ఉండాలి. ఉడుకుతున్న పప్పులో నిమ్మరసం పోస్తే కొంత వేడికే పోతుంది, స్టవ్ కట్టేశాక పిండాలి. ఖాళీ అయిన ఒంట్లో పేగు తలుపులు బాగా తెరుచుకుంటాయి. ఆ పెరుగుదల ఆకుకూర ఐరన్‌కే ఎక్కువ, హీమ్‌కి తక్కువ. అందుకే శాకాహారుల్లో నిల్వ తక్కువున్నా అందరికీ రక్తహీనత రాదు. ఈ పిల్లకి తలుపులు తెరుచుకునే ఉండి ఉంటాయి, అయినా ఫెరిటిన్ 6కి దిగింది. వచ్చేదానికంటే పోయేది ఎక్కువగా ఉందన్నమాట.

కృష్ణలంక వెంకట్రావు:
నాది కూడా ఇదే సమస్య. వయసు 58. వారంలో నాలుగు రోజులు మటన్, ఆదివారం తలకాయ కూర. అయినా హిమోగ్లోబిన్ 9. మాంసం వల్ల రక్తం పడుతుందంటే నాకెందుకు పడటం లేదు? మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో కొన్న బిళ్ళలు తప్ప వేరే మందులేవీ వాడను.

ల్యాబ్ బాబాయి:
వెంకట్రావు గారూ, మీది ఇదే సమస్య కాదు. మీకు నెలసరి లేదు, తిండికి లోటు లేదు. ముందు ఫెరిటిన్ చేయించండి. అది తక్కువ వస్తే లోపలెక్కడో రక్తం కారుతోందేమోనని ముందు అనుమానించాలి. ఆ నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండు పడొచ్చు, పేగులో వేరే జబ్బు కూడా ఉండొచ్చు. మలం తారులా నల్లగా వస్తోందేమో చూసుకోండి. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్ళండి. మటన్ పెంచి లాభం లేదు.

జిమ్ తమ్ముడు:
మరి లివర్ సంగతి బాబాయ్? అందులో ఐరన్ మామూలు ముక్కకంటే చాలా ఎక్కువ కదా.

ల్యాబ్ బాబాయి:
ఎక్కువే. కానీ లివర్‌లో ఉండేది ఎక్కువ భాగం నిల్వ ఐరన్, హీమ్ కాదు. అయినా మంచి తిండే, వారానికోసారి తినొచ్చు. గర్భిణులు మాత్రం లివర్ జోలికి పోకూడదు, అందులో విటమిన్ ఎ మోతాదు మించి ఉంటుంది. ఇక నువ్వన్న వారం సంగతి చూద్దాం. పిల్ల ఒంట్లో రక్తం సుమారు మూడుంపావు లీటర్లు. 9.2 నుంచి 12.5కి రావాలంటే 107 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారవ్వాలి. గ్రాముకి 3.4 మిల్లీగ్రాముల ఐరన్ చొప్పున అది 365. నిల్వకి కనీసం ఇంకో 300 వేసుకో. గొయ్యి 650 పైమాటే. వారానికి రెండుసార్లు గోంగూర మటన్ తింటే అదనంగా వచ్చేది వారానికి 1.1. ఆ లెక్కన గొయ్యి పూడటానికి పదకొండేళ్ళు పడుతుంది.

60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్, అంటే అచ్చంగా ఐరన్ వరకే, ఉన్న మాత్రలో పదో వంతు పట్టినా ఒక్కో మాత్రకి 6. అది నెలల్లో పూడుస్తుంది. మాత్రలు వేస్టన్నావు చూడు, అక్కడ తప్పావు. మంట పుడితే రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి ఉంది, డాక్టర్ని అడగాలి. మాత్ర వేసుకున్నాక ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మర్నాటి మాత్రకి తలుపు కొంత మూస్తుంది, ఒక రోజు వదిలేస్తే మళ్ళీ తెరుచుకుంటుంది.

బ్రాడీపేట కోడలు:
58.8 శాతం లెక్క ఎలా వచ్చిందని అడిగారు కదా, నేను చెప్తాను. మా అత్తగారింట్లో ఆదివారం ఏడుగురికి కిలో మటన్. ముందు మామగారికి, తర్వాత మగపిల్లలకి, తర్వాత చుట్టాలొస్తే వాళ్ళకి. మా అత్తగారూ నేనూ కూర్చునేసరికి గిన్నెలో ఎముకలూ పులుసూ మిగిలేవి. వేడన్నం గిన్నెలోనే వేసి తుడుచుకుని తినేవాళ్ళం. సర్వేకొచ్చిన అమ్మాయి అడిగితే మాత్రం "మాంసం తింటాం" అనే రాయించాం.

ల్యాబ్ బాబాయి:
అమ్మా, ఇన్నేళ్ళ సర్వీసులో నేను చూసిందీ ఇదే. ఇంకొకటి, ఆ సర్వేలో వేలు పొడిచి తీసిన చుక్క రక్తంతో చూశారు. నరం నుంచి తీసిన రక్తంతో చూస్తే అంకె కొంత తేడాగా వస్తుంది. పైగా రక్తహీనతంతా ఐరన్ లోటు వల్లే రాదు, బి12 లోటు ఉంటుంది, పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం ఉంటుంది. ఏది ఎంతన్నది ఇక్కడ కూర్చుని తేల్చలేం.

అరండల్‌పేట శాకాహారి:
అంటే మాంసం తినే రాష్ట్రం అన్న మాటకి అర్థం లేదన్నమాట. సరే, ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. నిమ్మకాయ వాదన మాత్రం తీసుకోను.

పటమట అమ్మ:
అందరికీ థాంక్స్. నిన్న హాస్టల్‌కి వెళ్ళి చూశాను. మధ్యాహ్నం అన్నం తినగానే స్టీలు గ్లాసు నిండా టీ. రాత్రి కూడా అంతే. నెలసరి ఎనిమిది రోజులుంటుందట, నాకెప్పుడూ చెప్పలేదు. మాత్రలు రాశారు కానీ కడుపు తిప్పుతోందని నాలుగు రోజులకే ఆపేసిందట, స్ట్రిప్ సగం అలాగే ఉంది.

ల్యాబ్ బాబాయి:
టీ తిండికి గంట అటో ఇటో జరపండి. మాత్రకి ముందూ తర్వాతా ఇంకొంచెం ఎక్కువ దూరం ఉండాలి. పాలతో మాత్ర వేయొద్దు. ఎనిమిది రోజుల సంగతి గైనకాలజిస్ట్‌తో మాట్లాడండి, పోయేది ఆపకుండా ఎంత పోసినా నిలవదు. మాత్రలు సరిగ్గా మొదలుపెట్టిన నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ మళ్ళీ చూడండి. కనీసం 1 పెరగాలి. పెరగకపోతే మాత్ర కడుపులోకి వెళ్ళట్లేదు, లేదా పేగు తీసుకోవట్లేదు, లేదా పోవటం ఆగలేదు. 12 దాటగానే ఆపేయొద్దు, నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు వాడాలి. అప్పుడు మొదలవుతుంది మాంసం పని, మళ్ళీ గొయ్యి పడకుండా.

పటమట అమ్మ:
అదే అడిగాను బాబాయి గారూ. ముక్క మాత్రం ముట్టనంటోంది. గోంగూర మటన్‌లో పులుసు వరకూ వేసుకుంటానంటోంది. సరిపోతుందా?

ల్యాబ్ బాబాయి:
పులుసులోకి దిగేది చాలా తక్కువమ్మా. హీమ్ ముక్క కండలోనే గడ్డకట్టి ఉంటుంది, సాయపడే ప్రోటీన్ కూడా కండదే. పులుసు వేసుకుంటే గోంగూర తిన్నట్టే.

బ్రాడీపేట కోడలు:
అయితే పదిహేనేళ్ళు నేను తిన్నది గోంగూరే!

అరండల్‌పేట శాకాహారి:
పటమట అమ్మ గారూ, ఆ పులుసు కూడా ఎందుకు, ఉత్త గోంగూర పప్పే పెట్టి నిమ్మచెక్క పక్కన పెట్టండి.

జిమ్ తమ్ముడు:
ఆంటీ, ఎండు రొయ్యలు చిన్నగా దంచి గోంగూరలో వేస్తే? ముక్కలా కనబడదు కదా.

పటమట అమ్మ:
కనబడకుండా పెట్టను తమ్ముడూ, చెప్పే పెడతాను. తింటుందో లేదో ఆదివారం చూస్తా.