f6 ముందా, b4 ముందా?

అన్నలూ, ఒక సలహా కావాలి. హనుమకొండలో ఆదివారాలు పక్కింటి బాబాయ్‌తో చెస్ ఆడతాను. నల్లపావులు నావి, ఫ్రెంచ్ డిఫెన్స్. మొన్న తొందరపడి c5 బంటును c4కి తోశాను. d4 మీద ఒత్తిడి పోయింది, మధ్యలో అంతా బిగుసుకుపోయింది. ఆయన బంట్లు c3, d4, e5లో. నావి c4, d5, e6లో.

f6 ఆడాను. బాబాయ్ e5 బంటుతో కొట్టారు, నేను ఏనుగుతో తిరిగి కొట్టాను. అంతే, ఖాళీ అయిన e5లో ఆయన గుర్రం వచ్చి కూర్చుంది. తరమడానికి నాకు బంటే లేదు. ఇక మిగతా ఆటంతా కదలలేని e6 బంటును కాయడమే నా పని!

b5, b4 అంటూ c3 మీదికి పోదామంటే, నా రాజు కింగ్‌సైడ్‌లోనే ఉన్నాడు. ఈలోపు ఆయన గుర్రాన్ని జరిపి f4, f5 తోస్తారని టెన్షన్. గుర్రాలను c6, d7లో పెట్టి e5 గడిని కాచుకున్నాకే f6 ఆడాలా? లేక ముందు b4తోనే మొదలుపెట్టాలా?