చుక్క పెట్టినవి నాలుగు, పెట్టనివి తొమ్మిది: తొమ్మిది రోజుల్లో ఏవి చదవాలి?

ఒంగోలు_పిల్ల
హైదరాబాద్‌లో ఎమ్మే హిస్టరీ చేస్తున్నా, సెలవులకి ఒంగోలు వచ్చి ఇంట్లో ఉండా. మధ్యయుగ ఆంధ్ర పేపర్లో 2500 పదాల వ్యాసం రాయాలి. ప్రశ్న ఇది: మోటుపల్లి అభయశాసనాన్ని బట్టి కాకతీయుల రాజ్యం ఎట్టాంటిదని చెప్పొచ్చు? మోటుపల్లి రేవుకొచ్చే ఓడ వర్తకులకి గణపతిదేవుడు అభయమిస్తూ వేయించిన శాసనం అది.

ఈ ప్రశ్న ఉన్న వారానికి కోర్సు ప్లాన్‌లో చదవాల్సినవి పదమూడు ఇచ్చారు. నాలుగింటికి చుక్క పెట్టి 'తప్పనిసరి' అన్నారు, మిగతా తొమ్మిదీ 'ఐచ్ఛికం'. చుక్క ఉన్నవి: సింథియా టాల్బట్ పుస్తకంలో నాలుగో అధ్యాయం, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి కాకతీయుల పుస్తకంలో పరిపాలన భాగం, నీలకంఠశాస్త్రి గారి దక్షిణ భారత చరిత్రలో ఒక అధ్యాయం, మా సార్ ఇచ్చిన జెరాక్సు వ్యాసం. చుక్క లేనివాటిలో బర్టన్ స్టెయిన్ పుస్తకం మొత్తం ఉంది, మార్కో పోలో నుంచి రెండు పేజీలు, ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటిలో శాసన పాఠం, మీరా ఆబ్రహం గారి వర్తక సంఘాల పుస్తకం, ఇంకా ఏవో ఉన్నాయి.

ఇంగ్లీషు పుస్తకం నాకు గంటకి పది పేజీలే. ఇప్పటికి నాలుగు రోజులు స్టెయిన్ మొదటి పేజీ నుంచి చదివి 70 దాటలేదు. తొమ్మిది రోజులుంది. ఎవరన్నా దారి చెప్పండి.

సర్కిల్_నెల్లూరు
ఆప్షనల్ విషయంలో తొందరపడొద్దమ్మా. హిస్టరీ ఆప్షనల్‌గా తీసుకుంటే సిలబస్ సముద్రం. మా బ్యాచ్‌లో ఇద్దరు మధ్యలో ఆంత్రోపాలజీకి మారారు. ముందు పాత ప్రశ్నపత్రాలు ముందేసుకోండి.

ఒంగోలు_పిల్ల
అన్నా, సివిల్స్ ఆప్షనల్ కాదు. నేనడిగేది ఏ పుస్తకాలు చదవాలని.

సర్కిల్_నెల్లూరు
ఓహో. సరే, పాత ప్రశ్నపత్రాల మాట మాత్రం అట్టాగే ఉంచండి.

చీరాల_బాబ్జీ
ఇందులో ఆలోచించేదేముంది. చుక్క పెట్టినవి నాలుగూ పూర్తిగా చదువు, మిగతావి కట్ట కట్టి పక్కన పడెయ్. దిద్దే సారుకి ఆ నాలుగే తెలుసు, వాటిలోవే అడుగుతాడు. మూడు సెమిస్టర్లు అట్టానే దాటేశా. ఐచ్ఛికం అని పెట్టేది లిస్టు నిండుగా కనపడటానికే.

కందుకూరు_మాస్టారు
బాబ్జీ చెప్పింది సగం నిజం. మూడు గంటల పరీక్షకి ఆ పద్ధతి పనికొస్తుంది, ఎందుకంటే పరీక్ష క్లాసు మొత్తానికి ఒకటే, చుక్క కూడా క్లాసు మొత్తానికే. పాపది పరీక్ష కాదు, ఒక ప్రశ్న మీద వ్యాసం. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పాను, నేనూ ఇట్టాంటి లిస్టులు వేసినవాణ్ణే. క్లాసులో కూర్చున్న నలభై మందికీ కాస్త ఉమ్మడి నేల కావాలి కాబట్టి చుక్క పెట్టేవాణ్ణి. అంతేగానీ ప్రతి ప్రశ్నకీ అవే ముఖ్యమని కాదు.

అమ్మా, ముందు కోర్సు ప్లాన్ చివర మార్కులు ఎట్టా వేస్తారో రాసిన పేజీ చూడు. మూలాధారాల వాడకానికి విడిగా మార్కులున్నాయా?

ఒంగోలు_పిల్ల
ఉంది సార్. 'ప్రాథమిక ఆధారాల వినియోగం' అని వందకి 20. ఇన్నాళ్ళూ ఆ పేజీ తిప్పలేదు.

కందుకూరు_మాస్టారు
అయితే ఎపిగ్రాఫియా ఇండికా చుక్క లేకపోయినా నీకది మొదటిది. పది పేజీలే. హుల్ట్ష్ దొర శాసన పాఠం ఇచ్చి, కింద ఇంగ్లీషు అనువాదం పెట్టాడు. స్కాన్ నెట్‌లో దొరుకుద్ది. ఒక పూట పని. దానికి చుక్క ఎందుకు పెట్టలేదంటావా, ఆ వారం మిగతా ప్రశ్నలు ఎంచుకున్న పిల్లలకి అది అక్కర్లేదు. నీ ప్రశ్నే ఆ శాసనం మీద. శాసనం చదవకుండా దాని మీద పదిమంది ఏమన్నారో చదివితే, పెళ్ళికూతుర్ని చూడకుండా పెళ్ళి ఫొటోల గురించి మాట్లాడినట్టుంటది.

చదివేటప్పుడు రెండు సంగతులు చూడు. సంస్కృత భాగంలో గణపతిదేవుడు ఏం చెప్తున్నాడో: ఇంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేము మాత్రం దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అని. ఆ సుంకం ముప్ఫయ్యింట ఒక వంతు. తర్వాత తెలుగు భాగంలో గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు ఇట్టా సరుకు వారీగా లెక్కలొస్తాయి. ఒక పక్క దయ, ఇంకో పక్క చిల్లర లెక్క. ఈ రెండూ ఒకే రాతి మీద ఉండటమే నీ వ్యాసానికి ముడిసరుకు. శకం 1166, అంటే 1244-45.

చీరాల_బాబ్జీ
మాస్టారూ, మోటుపల్లి మా ఊరికి దగ్గరే. వీరభద్రస్వామి గుడిలో ఆ స్తంభం చూశా, అక్షరం అర్థం కాలా. ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిపేశారు గానీ మాకింకా ప్రకాశం జిల్లానే.

నర్సు_నెల్లూరు
మాది వేరే లైను గానీ చెప్తా. నర్సింగ్ పీజీలో మా మేడమ్ ఒక పుస్తకానికి 'తప్పనిసరి' అని రాశారు. ఎందుకా అనుకున్నాం. తీరా చూస్తే లైబ్రరీలో నాలుగు కాపీలున్న పుస్తకం అదొక్కటే. మంచి పుస్తకం ఐచ్ఛికంలో ఉండిపోయింది. మీ లిస్టులో అట్టాంటిదేమన్నా ఉందేమో చూడండి.

కందుకూరు_మాస్టారు
అది జరుగుద్ది తల్లీ, నేనూ చేశా. అందుకే చుక్కలవాటిల్లో కూడా బరువు తేడా చూడాలి. పాప లిస్టులో నీలకంఠశాస్త్రి గారిది దక్షిణాది మొత్తానికి పరిచయం, 1955 నాటిది. రాజవంశాల వరస బుర్రలో లేకపోతే ఒకసారి తిరగెయ్యాలి, ఉంటే అరగంట చాలు. పరబ్రహ్మశాస్త్రి గారిది కూర్చుని చదివేది కాదు, సందేహం వచ్చినప్పుడు తీసి చూసుకునేది: ఏ అధికారి పేరేంటి, ఏ శాసనం ఎక్కడిది. చదవాల్సింది టాల్బట్ ఒక్కటే. పెన్సిలు పట్టుకుని చదువు.

ఒంగోలు_పిల్ల
మరి స్టెయిన్ సార్? నాలుగు రోజులు దానికే పోశానని గుండె కోసుకుపోతాంది.

కందుకూరు_మాస్టారు
పోయినవి పోనీ. స్టెయిన్ 1980 పుస్తకం తమిళ దేశం, చోళుల కావేరి మాగాణి మీద నిలబడింది. రాజు మహిమ అంతటా చెల్లుద్ది గానీ నిజమైన అధికారం నాడులనే చిన్న చిన్న ప్రాంతాల్లోని పెద్దల చేతుల్లో ఉంటది అని ఆయన వాదన. సెగ్మెంటరీ స్టేట్ అంటాడు. ఆ నమూనా మనకి సరిపోదని టాల్బట్ శాసనాలు లెక్కేసి వాదిస్తుంది. ఆమె చూసిన ఆంధ్రలో మెట్ట ప్రాంతాలే ఎదుగుతున్నాయి, నాయకులు రాజుతో వ్యక్తిగత విధేయతతో ముడిపడి ఉన్నారు. నాలుగో అధ్యాయం పేరులోనే 'నెట్‌వర్క్' ఉంది.

ఇప్పుడు ఒక పరీక్ష చెప్తా. టాల్బట్ చదివాక స్టెయిన్ ఏమన్నాడో రెండు వాక్యాల్లో, ఆమెని పక్కన పెట్టి, ఆయన తరపున చెప్పగలవా? చెప్పగలిగితే స్టెయిన్ పుస్తకం నీకు ఐచ్ఛికమే. చెప్పలేకపోతే స్టెయిన్‌లో ఆ వాదన ఉన్న అధ్యాయం ఒక్కటి తప్పనిసరి. ఆమె ఫుట్‌నోట్లలో ఆయన ఏ పేజీలు ఇచ్చిందో చూసుకుని అక్కడికే వెళ్ళు. మొదటి పేజీ నుంచి మొదలెట్టడమే పొరపాటు.

చీరాల_బాబ్జీ
ఇంకో షార్ట్‌కట్. ప్రతి పుస్తకం వెనక ఇండెక్స్‌లో మోటుపల్లి పేరు చూసుకో. ఉంటే చదువు, లేకపోతే మూసెయ్.

కందుకూరు_మాస్టారు
బాగానే చెప్పావు, ఒక్క చిక్కుంది. మోటుపల్లికి శాసనాల్లో దేశ్యుయ్యకొండ పట్టణం అని ఇంకో పేరుంది. కొన్ని చోట్ల ఇండెక్స్‌లో అదే దొరుకుద్ది. పోతే స్టెయిన్‌లో మోటుపల్లి రాలేదని ఆయన్ని మూసెయ్యకూడదు, ఆయన దగ్గర వెతికేది ఊరు కాదు, వాదన.

ఒంగోలు_పిల్ల (మూడు రోజుల తర్వాత)
చెప్తున్నా ఏం చేశానో. మొదటి పూట శాసనం చదివా. తర్వాత టాల్బట్ నాలుగో అధ్యాయం, రోజున్నర పట్టింది. మాస్టారి పరీక్ష పెట్టుకుంటే రెండో వాక్యం దగ్గర ఆగిపోయా. స్టెయిన్ మాటల్లో కాకుండా ఆమె మాటల్లోనే రాస్తున్నానని తెలిసింది. ఫుట్‌నోట్ పట్టుకుని స్టెయిన్‌లో పాతిక పేజీలు చదివా. మార్కో పోలో రెండు పేజీలు పది నిముషాలు. ఆయన మోటుపల్లిని ముత్ఫిలి అంటాడు. అక్కడి రాణిని రాజు భార్యంటాడు గానీ రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఒక వాక్యానికి పనికొస్తుంది. మీరా ఆబ్రహం గారి పుస్తకం ఇండెక్స్ చూసి వదిలేశా, ఈ ప్రశ్నకి దూరం.

జెరాక్సు వ్యాసం చదివితే నీలకంఠశాస్త్రి గారి అధ్యాయమే మళ్ళీ తెలుగులో చెప్పినట్టుంది. రెండింటికీ చుక్క ఎందుకో.

కందుకూరు_మాస్టారు
తెలుగు మీడియం పిల్లల కోసం అయ్యుంటది. ఒకటి చదివితే రెండోది చదివినట్టే.

ఇప్పుడు ఒక చిన్న గుంట కనపడాలి నీకు. అభయశాసనం ఒక మాట ఇచ్చింది. ఇచ్చిన మాట జరిగిందని అది చెప్పదు. 1358లో కొండవీటి రెడ్డి రాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో ఓడ వర్తకులకి మళ్ళీ ఇట్టాంటి శాసనమే వేయించాడు. అంటే నూరేళ్ళు ఆ మాట నిలబడిందని చెప్పాలా, నిలబడలేదు కాబట్టే మళ్ళీ చెప్పాల్సొచ్చిందనాలా? లిస్టులో చూడు, అనవోతారెడ్డి శాసనం ఉందా?

ఒంగోలు_పిల్ల
లేదు సార్. పదమూడింట్లో ఎక్కడా లేదు.

చీరాల_బాబ్జీ
అదిగో. లిస్టులో లేనిది రాస్తే మార్కులు కోస్తారు, అందుకే చెప్పేది.

కందుకూరు_మాస్టారు
నేనయితే వేస్తాను. వాళ్ళ సార్ కోస్తాడో వేస్తాడో ఆయన్నే అడగాలి. ఒక మెయిల్ పెట్టమ్మా, ఒక్క లైను చాలు.

ఒంగోలు_పిల్ల
పెట్టా సార్, జవాబు రాలేదు. ఇంకో సందేహం. స్టెయిన్‌లో పాతిక పేజీలే చదివా కదా, వ్యాసం చివర పుస్తకం పేరు మొత్తం రాయొచ్చా?

కందుకూరు_మాస్టారు
చదివిన పేజీలు వేసి రాయి. మిగతాది టాల్బట్ చెప్పగా తెలిసిందయితే టాల్బట్ ద్వారా అని రాయి.

చీరాల_బాబ్జీ
ఎవరూ అట్టా రాయరు మాస్టారూ. అందరూ పుస్తకం పేరే రాస్తారు.

నర్సు_నెల్లూరు
మా మేడమ్ అయితే వైవాలో పేజీ తెరిచి అడిగేవారు.