హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ అయింది, కోపంగా రాసిన ఈ లెటర్‌ను ఎలా మార్చాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మా వారికి జులైలో గాల్ బ్లాడర్ స్టోన్స్ ఆపరేషన్ అయింది. బిల్లు 1,38,400 రూపాయలు. క్యాష్‌లెస్ ఇవ్వలేదు, మేమే కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టాం. ఆగస్టు 11న రిజెక్షన్ లెటర్ వచ్చింది: "డిశ్చార్జ్ సమ్మరీ ప్రకారం పేషెంట్‌కు 6 సంవత్సరాలుగా డయాబెటిస్ ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు తెలియజేయలేదు. కాబట్టి క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం."

మా వారికి షుగర్ బయటపడి ఆరు నెలలే అయింది! పాలసీ 2022 మార్చిలో తీసుకున్నాం. రాత్రి కూర్చుని ఇలా రాశాను:

"మీరు పచ్చి దొంగలు. మూడేళ్లు ప్రీమియం మింగి ఇప్పుడు చేతులెత్తేస్తారా? షుగర్‌కీ గాల్ బ్లాడర్‌కీ ఏం సంబంధం? ఫారం మీ ఏజెంటే నింపాడు, మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వారంలో డబ్బు రాకపోతే కోర్టుకీడుస్తాను, మీ బండారం ఫేస్‌బుక్‌లో పెడతాను."

పంపే ముందు ఒకసారి చూడండి. ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు?

ఉప్పల్ నుంచి

మేడమ్, మూడేళ్లు దాటితే పాత జబ్బుకైనా ఇవ్వాల్సిందే కదా. మీకు మూడేళ్ల నాలుగు నెలలైంది. ఆ ఒక్క లైన్ రాయండి, చాలు.

రిటైర్డ్ క్లెయిమ్స్ ఆఫీసర్ (సికింద్రాబాద్)

ఉప్పల్ మిత్రులు చెప్పింది సగమే నిజం. ఆ మూడేళ్లు ముందే చెప్పి తీసుకున్న జబ్బుకు వేచి ఉండే గడువు. ఇక్కడ కంపెనీ అంటున్నది వేరు: "మీరు దాచారు" అని. ఆ మాట అనకుండా అడ్డుపడే గడువు అయిదేళ్లు, 2024లో ఎనిమిది నుంచి తగ్గించారు. అయిదేళ్లు నిరంతరంగా పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప దాచారని తిరస్కరించలేరు. వీరి పాలసీకి అది ఇంకా రాలేదు. కాబట్టి ఆ దారి వదిలేద్దాం.

అమ్మా, మీ డ్రాఫ్ట్‌లో తిట్ల కంటే ప్రమాదకరమైనవి రెండు వాక్యాలున్నాయి. మొదటిది "ఏజెంటే ఫారం నింపాడు, ఏమీ అడగలేదు" అన్నది. అంటే ఫారంలో తప్పు ఉందని మీరే ఒప్పుకున్నట్టు. కానీ మీరు చెప్పిన దాన్ని బట్టి 2022లో "షుగర్ లేదు" అన్న జవాబు నిజమే! నిజమైన జవాబుకు సాకు ఎందుకు? రెండోది "షుగర్‌కీ గాల్ బ్లాడర్‌కీ ఏం సంబంధం" అన్నది. చదివేవాళ్లకు అది "షుగర్ ముందే ఉందనుకోండి, అయినా..." అన్నట్టు వినిపిస్తుంది.

మీ వాదన ఒక్కటే: "6 సంవత్సరాలు" అన్న ఆ మాట తప్పు. లెటర్ మొత్తం దాని మీదే నిలబడాలి. షుగర్ ఎప్పుడు బయటపడిందో చూపే ల్యాబ్ రిపోర్ట్ ఉందా? అంతకుముందు షుగర్ లేదని చూపే కాగితం ఏదైనా ఉందా?

కూకట్‌పల్లి నుంచి

ఈ ఏడాది జనవరి 20న హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది, అప్పుడే మందు మొదలు. మా వారి ఆఫీసులో ఏటా హెల్త్ చెకప్ ఉంటుంది. 2023 చెకప్‌లో 5.4 ఉంది.

రిటైర్డ్ క్లెయిమ్స్ ఆఫీసర్

అదే మీ బలం! ఆరేళ్లుగా షుగర్ ఉండి, మందు వేసుకోని మనిషికి 2023లో 5.4 రావడం చాలా కష్టం. ఆ కాగితం పాలసీ తీసుకున్న తర్వాతిదే అయినా "ఆరేళ్లు" అన్న మాటను నిలబడనివ్వదు.

మెహదీపట్నం నుంచి

మాదీ ఇదే అన్నా! ఆస్పత్రిలో పెద్ద రూమ్ తీసుకున్నామని 40 వేలు కట్ చేశారు. ఈ లెటర్ మాకూ పని చేస్తుందా?

రిటైర్డ్ క్లెయిమ్స్ ఆఫీసర్

లేదు తమ్ముడూ. మీది పాలసీలో రాసి ఉన్న రూమ్ రెంట్ పరిమితి విషయం. వేరే ప్రశ్నగా పెట్టండి, పాలసీలో ఆ పేజీ కూడా పెట్టండి.

కూకట్‌పల్లి అమ్మా, నేనైతే ఇలా రాస్తాను. ఇంగ్లిష్‌లో పంపినా ఇవే వాక్యాలు, ఇదే వరుస.

> గ్రీవెన్స్ అధికారి గారికి,
>
> విషయం: పాలసీ నంబరు ..., క్లెయిమ్ నంబరు ... తిరస్కరణను పునఃపరిశీలించమని విన్నపం.
>
> 2025 ఆగస్టు 11 నాటి మీ లేఖలో, నా భర్తకు 6 సంవత్సరాలుగా డయాబెటిస్ ఉందని, పాలసీ సమయంలో తెలియజేయలేదని పేర్కొన్నారు. దీనికి ఆధారంగా డిశ్చార్జ్ సమ్మరీలోని ఒక వాక్యాన్ని చూపారు. ఆ వాక్యం వాస్తవం కాదు.
>
> ఆయనకు డయాబెటిస్ మొదటిసారి నిర్ధారణ అయింది 2025 జనవరి 20న (హెచ్‌బీఏ1సీ 7.4, జత 1). మొదటి ప్రిస్క్రిప్షన్ జత 2. 2023 హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 5.4 (జత 3). 2022 మార్చి ప్రపోజల్ ఫారంలో ఇచ్చిన జవాబు ఆనాటికి సరైనదే.
>
> కాబట్టి 1,38,400 రూపాయల క్లెయిమ్‌ను పాలసీ నిబంధనల ప్రకారం చెల్లించవలసిందిగా కోరుతున్నాను. తిరస్కరణను కొనసాగించదలిస్తే, ఏ నిబంధన కింద, ఏ వైద్య ఆధారంతో అన్నది రాతపూర్వకంగా తెలపండి. మీరు ఆధారపడిన పత్రాల నకళ్లు, ప్రపోజల్ ఫారం నకలు ఇవ్వండి.
>
> 14 రోజుల్లో జవాబు ఆశిస్తున్నాను. పరిష్కారం కాని పక్షంలో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తాను.
>
> భవదీయురాలు

"ఆశ్రయిస్తాను" అన్నది బెదిరింపు కాదు, తర్వాతి మెట్టు ఏమిటో చెప్పడం. ఫేస్‌బుక్ మాట రాస్తే మీ ఫైలు మీద పడే మొదటి ముద్ర "గొడవ చేసే మనిషి" అని. "వాస్తవం కాదు" అన్న చోట మాత్రం అసలు తగ్గకండి. "బహుశా పొరపాటు కావచ్చు" అని రాయొద్దు. లెటర్‌ను కంపెనీ తరఫున క్లెయిమ్ కాగితాలు చూసే టీపీఏకు కాదు, కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కు పంపండి. క్లెయిమ్‌ను ఒప్పుకోవడం, తిరస్కరించడం కంపెనీ నిర్ణయమే.

కూకట్‌పల్లి నుంచి

చదువుతుంటే నా కోపం కూడా తగ్గింది సార్. ఒక్క సందేహం. ఆస్పత్రికి వెళ్తే, సమ్మరీ మార్చం అన్నారు. "6 సంవత్సరాలు" అని రాసిన డ్యూటీ డాక్టర్ మానేసి వెళ్లిపోయారట.

నర్సింగ్ సూపర్‌వైజర్ (ఎల్‌బీ నగర్)

మార్చమని అడగకండి అక్కా, ఏ ఆస్పత్రీ సులువుగా ఒప్పుకోదు. తర్వాత దిద్దిన సమ్మరీ కంపెనీకి అనుమానం పుట్టిస్తుంది కూడా. మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో అప్లికేషన్ పెట్టి పూర్తి కేస్ షీట్ తీసుకోండి. అడ్మిషన్ రోజు నర్స్ రాసిన పేజీ, మత్తు డాక్టర్ రాసిన పేజీ చూడండి. అక్కడ "6 నెలలు" అని ఉంటే సమ్మరీ టైప్ చేసేటప్పుడు జరిగిన తప్పని తేలిపోతుంది. ఆపరేషన్ చేసిన సర్జన్‌ను తేదీ వేసి ఒక వివరణ లెటర్ మాత్రం అడగండి.

ఉప్పల్ నుంచి

అయితే ఆ లెటర్ వచ్చేదాకా ఆగాలి కదా? సగం కాగితాలతో పంపితే మళ్లీ రిజెక్ట్ చేస్తారు. రెండోసారి కాదన్నాక వాళ్ల మనసు మారదు.

రిటైర్డ్ క్లెయిమ్స్ ఆఫీసర్

నేనైతే ఆగను. జత 1, 2, 3 ఇప్పుడే బలంగా ఉన్నాయి. సర్జన్ లెటర్ వచ్చాక అదే క్లెయిమ్ నంబరుతో జత 4గా పంపొచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా పెట్టి నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చినా నచ్చకపోతే, లక్డీకాపూల్‌లోని అంబుడ్స్‌మన్ ఆఫీసుకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న తర్వాత ఏడాదిలోపు వెళ్లాలి.

నర్సింగ్ సూపర్‌వైజర్

నేను ఉప్పల్ గారి వైపే. కేస్ షీట్‌లో కూడా "6 సంవత్సరాలు" అని ఉంటే? అది చూడకుండా "వాస్తవం కాదు" అని రాసి పంపాక కంపెనీ అదే పేజీ తీసి చూపిస్తే ఇబ్బంది. ముందు కేస్ షీట్ చదవండి, తర్వాత పంపండి.

కూకట్‌పల్లి నుంచి

రేపు రికార్డ్స్ సెక్షన్‌కు ఐడీ, అప్లికేషన్ పట్టుకుని వెళ్తున్నాను. కేస్ షీట్ రెండు మూడు రోజుల్లో ఇస్తే చదివాకే పంపుతాను. ఇంకా ఆలస్యం చేస్తే సార్ చెప్పినట్టు పంపేస్తాను. ఏం రాసి ఉందో ఇక్కడే పెడతాను.