సెలవులన్నీ అయిపోయాయి, మనిషి ఇంకా మంచం మీదే: తీసేయొచ్చా?

జీడిమెట్ల యజమాని (2024 ఫిబ్రవరి): మాది పాతికమంది పనిచేసే అట్టపెట్టెల యూనిట్. ఆరేళ్లుగా ఉన్న మెషిన్ ఆపరేటర్‌కి వెన్నెముక టీబీ అని తేలింది. జీతం 18,000, ఈఎస్ఐ కడుతున్నాం. సెలవులు అయిపోయి నాలుగు నెలలు. ఈఎస్ఐ సర్టిఫికెట్లు మాత్రం పంపుతున్నాడు. జీతం ఇవ్వాలా? నోటీసిచ్చి తీసేయొచ్చా?

హెచ్ఆర్ పదేళ్లు: తీసేయొచ్చండీ. ఫ్యాక్టరీ పని నియమాలు, అంటే స్టాండింగ్ ఆర్డర్స్‌లో, సెలవు దాటాక ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టే అని ఉంటుంది. 1963లో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు మిల్లు పక్షానే చెప్పింది.

లేబర్ కేసుల లాయర్: ఆ తీర్పు నిజమే. కానీ 1993లో డి.కె. యాదవ్ కేసులో అదే సుప్రీంకోర్టు, మనిషి మాట వినకుండా, విచారణ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదంది. అయినా ఇతను చెప్పకుండా మానేయలేదు కదా, సర్టిఫికెట్లు వస్తూనే ఉన్నాయి. పాతికమంది యూనిట్‌కి అసలు సర్టిఫైడ్ స్టాండింగ్ ఆర్డర్స్ ఉన్నాయా?

యజమాని గారూ, ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ మీకు అడ్డం. సర్టిఫికెట్ ఉన్న జబ్బుతో ఇంట్లో ఉన్నప్పుడు ఇచ్చిన నోటీసు చెల్లదు. ఈఎస్ఐ నిబంధనల్లో మినహాయింపు ఉంది: మామూలు జబ్బుకి వరుసగా ఆరు నెలలు, టీబీకి పద్ధెనిమిది నెలలు దాటాలి. అప్పుడు కూడా మీ సర్వీసు షరతులు అనుమతిస్తేనే.

జీతం మీరు ఇవ్వక్కర్లేదు. మొదటి 91 రోజులకి జీతంలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుంది, అంటే నెలకి సుమారు 12,600. టీబీ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, అర్హత ఉంటే తర్వాత 80 శాతం వస్తుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నెలనెలా పోర్టల్‌లో సున్నా రోజులు వేసి, కారణం దగ్గర `On Leave` బదులు `Left Service` పెట్టేస్తారు. దాంతో అతను ఉద్యోగం మానేసినట్టు రికార్డవుతుంది, అతని డబ్బులూ వైద్యమూ చిక్కులో పడతాయి. మీ అకౌంటెంట్ ఏం పెట్టారో ఇవాళే చూడండి.

కూకట్‌పల్లి గృహిణి: మా ఆయన సాఫ్ట్‌వేర్, జీతం అరవై వేలు. కీమో జరుగుతుంటే కంపెనీ రాజీనామా రాయమంటోంది. ఈ ఈఎస్ఐ మాకూ వస్తుందా?

లేబర్ కేసుల లాయర్: రాదమ్మా, ఈఎస్ఐ పరిమితి 21,000. కానీ రాజీనామా మాత్రం రాయనివ్వకండి. షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు దాటిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం, నెల నోటీసు లేదా నెల జీతం ఉండాలి. రాజీనామా మీరే ఇస్తే ఆ రక్షణ పోతుంది.

జీడిమెట్ల యజమాని: చూశాను సార్, రెండు నెలలుగా `Left Service` అనే ఉంది. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్తాను. ఆ మెషిన్ మీద ఇంకొకర్ని పెట్టుకోవచ్చా?

లేబర్ కేసుల లాయర్: పెట్టుకోండి. ఆపరేటర్ తిరిగొచ్చేదాకా మాత్రమే అని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయండి.

హెచ్ఆర్ పదేళ్లు: 73వ సెక్షన్ నేను చూసుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఫిట్‌నెస్ తెచ్చుకుని వచ్చి, నలభై కిలోల రీలు ఎత్తలేనంటే? తేలిక పని చూపించాల్సిందేనా? నాకైతే చిన్న యూనిట్‌కి అది అన్యాయం.

జీడిమెట్ల యజమాని: ఆ రీలు ఇద్దరు ఎత్తినా పని జరుగుతుందండీ. అతను రానీ ముందు.