కస్టమర్ జీవితకాల విలువ 3,667 వస్తోంది. ప్రచారానికి ఇంకా పెట్టవచ్చా?

కొత్తమెట్టు
మాది ఏడాది చందా మీద నడిచే ఆన్‌లైన్ సేవ. ఒక్కో చందాదారు మీద సేవ ఖర్చులు పోను ఏటా 1,000 మార్జిన్ మిగులుతుంది. చందా గడువు తీరినవారిలో 80 శాతం మంది కొనసాగుతున్నారు. వచ్చే ఏడాది అందే 1,100 ఇవాళ్టి 1,000తో సమానమని చూసే 10 శాతం డిస్కౌంట్ రేటుతో రాబోయే మార్జిన్లన్నిటినీ ప్రస్తుత విలువలోకి మారిస్తే ఒక కస్టమర్ విలువ 3,667. ఒక్కొక్కరిని తెచ్చుకోవడానికి సగటున 1,714 అవుతోంది. ప్రచార బడ్జెట్ పెంచవచ్చా?

ప్రచారవిభాగం
ఇందులో సందేహం ఎందుకు? 1,714 పెడితే 3,667 వస్తోంది. మనిషికి 1,950 పైగా మిగులుతున్నప్పుడు బడ్జెట్‌ను బిగించి పట్టుకోవడమే నష్టం. పోటీదారులు ముందుకు రాకముందే పెంచండి.

లెక్కలపుస్తకం
ముందు ఆ 3,667 ఎలా వచ్చిందో తేలాలి. మీరు చేరిన రోజు వచ్చే మార్జిన్‌ను కూడా కలిపినట్టున్నారు. రెండు సూత్రాలూ పక్కపక్కన పెడుతున్నాను. m ఏటా వచ్చే మార్జిన్, r కొనసాగే రేటు, d డిస్కౌంట్ రేటు.

```
m * (1 + d) / (1 + d - r) = 1000 * 1.1 / 0.3 = 3667
m * r / (1 + d - r)       = 1000 * 0.8 / 0.3 = 2667
```

మొదటిది తొలి చందాతో సహా, రెండోది తొలి చందా లేకుండా. మధ్య తేడా సరిగ్గా ఒక ఏడాది మార్జిన్. కొత్తవారి కోసం పెట్టే ఖర్చుకు హద్దు గీసేటప్పుడు ఏది వాడుతున్నారో తెలియకుండా ముందుకు వెళ్లకూడదు.

కొత్తమెట్టు
మా దగ్గర చందా ముందే కడతారు. అందుకే తొలి 1,000 కలిపాను.

లెక్కలపుస్తకం
చందా ముందే వస్తుంది, కానీ సేవ అందించే ఖర్చు ఏడాది పొడుగునా అవుతుంది. మార్జిన్ మొత్తం మొదటి రోజే చేతికి వచ్చినట్టు రాయడం సరికాదు. జాగ్రత్తగా ఉండాలంటే 2,667 తీసుకోవాలి.

ప్రచారవిభాగం
ఇది జాగ్రత్త కాదు. మనిషి చేరితేనే కదా ఆ తొలి చందా వచ్చేది! ప్రచారం తెచ్చిన డబ్బును ప్రచారం ఖాతాలోంచి తీసివేస్తే ఎలా? ఇప్పటికే ఉన్న చందాదారు ఈ ఏడాది చందా కట్టేశాక అతని నుంచి ఇంకా రాబోయే విలువ ఎంత అని అడిగితే 2,667 సరైన జవాబు. ఇక్కడి ప్రశ్న కొత్తగా చేరే మనిషి గురించి.

మౌనశ్రోత
డిస్కౌంట్ రేటు 10 అని ఎవరు నిర్ణయించారు? 15 పెడితే?

నిదానం
15 పెడితే 3,286. అదే రేటును 10 దగ్గరే ఉంచి, కొనసాగే శాతాన్ని 80 నుంచి 75కు దించితే 3,143. రెండూ అయిదేసి పాయింట్ల మార్పులే, కానీ కొనసాగే శాతం ఎక్కువ దెబ్బ తీస్తుంది. పైగా డిస్కౌంట్ రేటు మనం ఎంచుకునేది, కొనసాగే శాతం జనం చేతిలో ఉన్నది. తొలి చందా విషయంలో ప్రచారవిభాగం గారి మాటే సరైనది.

నాకు వేరే అనుమానం ఉంది. కొత్తమెట్టు గారూ, 1,714 సగటు కదా. ఆ డబ్బు ఒకేసారి పెట్టారా, పెంచుకుంటూ వచ్చారా? విడతవారీగా ఎంతమంది వచ్చారో చెప్పగలరా?

కొత్తమెట్టు
మూడు విడతలు, ఒక్కో విడతకు లక్ష. మొదటి లక్షకు 100 మంది వచ్చారు. రెండో లక్షకు 50 మంది, మూడో లక్షకు 25 మంది. మొత్తం మూడు లక్షలకు 175 మంది.

నిదానం
అయితే మీ సగటు మీకు అసలు విషయం చెప్పడం లేదు. మొదటి విడతలో మనిషికి 1,000 పడింది. రెండోదాంట్లో 2,000. మూడోదాంట్లో 4,000. మీ లెక్కలో మనిషి విలువ 3,667. అంటే మూడో విడతలో చేరిన ప్రతి ఒక్కరి మీదా 333 పోగొట్టుకున్నారు, 25 మందికి కలిపి సుమారు 8,300. మొదటి వంద మంది చౌకగా రావడం వల్ల ఆ నష్టం 1,714 అనే సగటు కింద కనబడకుండా పోయింది.

చేతికందే కొమ్మల కాయలు ముందే కోసేశారు, ఇప్పుడు చిటారు కొమ్మకు నిచ్చెన వేస్తున్నారు. బడ్జెట్ పెంచాలా అని అడిగేటప్పుడు చూడాల్సింది సగటు ఖర్చు కాదు, చివర పెట్టిన లక్షకు వచ్చిన మనుషుల ఖర్చు.

ప్రచారవిభాగం
మూడో విడతకు అప్పుడే తీర్పు చెప్పేస్తున్నారు. ప్రకటన చూసిన ప్రతివారూ వెంటనే చేరరు. కొందరు నెలల తర్వాత వస్తారు, కొందరు స్నేహితుడిని పంపుతారు. ఆ 25 రేపు 35 కావచ్చు.

నిదానం
కావచ్చు. 35 అయితే మనిషికి 2,857 పడుతుంది, లెక్క మారుతుంది. అయితే ఆలస్యంగా చేరిన ఆ పది మందీ ఈ ప్రకటన వల్లే వచ్చారని చూపించాలి. ప్రకటన లేకపోయినా వచ్చేవారిని ఇందులో కలపకూడదు.

పాతచందాదారు
మీరందరూ మనుషులను అంకెలుగా చూస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. నేను ఒక సేవలో తగ్గింపు ధర చూసి చేరాను. ఏడాది తిరిగేసరికి చెప్పాపెట్టకుండా నా ఖాతాలోంచి పూర్తి ధర కోసేశారు. ఫోను చేస్తే పలికేవారు లేరు. రద్దు చేసుకుని బయటపడ్డాను. ప్రకటనలకు పోసే డబ్బులో కొంత ఫోను ఎత్తే మనిషికి పెట్టండి, చందాదారులు వారంతట వారే ఉంటారు.

లెక్కలపుస్తకం
ఇక్కడి చర్చ అది కాదండీ.

నిదానం
ఇక్కడి చర్చ అదే అనుకుంటున్నాను. తగ్గింపు కోసం చేరినవారు తగ్గింపు పోగానే వెళ్లిపోతారు. కొత్తమెట్టు గారూ, మీరు చెప్పిన 80 శాతం ఎవరిది? రెండు, మూడు విడతల్లో తగ్గింపు ఏమైనా ఇచ్చారా?

కొత్తమెట్టు
80 శాతం పాత చందాదారులది. వాళ్లలో చాలామంది తెలిసినవారు చెబితే వచ్చారు. రెండో విడత నుంచి మొదటి ఏడాది చందాలో 400 తగ్గించాం. ఆ విడత 50 మందికి ఈ మధ్యే గడువు తీరింది, 30 మంది కొనసాగారు. మూడో విడతవారికి ఇంకా ఏడాది నిండలేదు.

లెక్కలపుస్తకం
ఇది మొదట్లోనే చెప్పాల్సిన మాట! 50కి 30 అంటే 60 శాతం. 1000 * 1.1 / 0.5 = 2,200. ఆ 400ను ప్రచార ఖర్చులో కలపలేదు, మార్జిన్‌లోంచీ తీయలేదు, రెండు చోట్లా తప్పిపోయింది. తీసేస్తే మిగిలేది 1,800. మనిషికి పెట్టింది 2,000. మూడో విడతే కాదు, రెండోదీ నష్టమే. ఇలాంటి పరిస్థితిలో బడ్జెట్ పెంచమని సలహా ఇచ్చేవారు ఎవరి డబ్బుతో ఆడుతున్నారో ఆలోచించుకోవాలి.

ప్రచారవిభాగం
నేను ఎవరి డబ్బుతోనూ ఆడడం లేదు. మీలాంటి లెక్కల మనుషులతో ఏళ్లుగా పని చేస్తున్నాను. నేను పని చేసిన ఒక సంస్థలో మూడేళ్ల తర్వాత వచ్చే మార్జిన్‌ను సున్నా కింద లెక్కగట్టి మా బడ్జెట్ సగానికి కోశారు. ఏడాదిలో కొత్తవారు రావడం ఆగిపోయింది. అప్పుడు కూడా మమ్మల్నే నిలదీశారు. ప్రతి సందర్భంలోనూ అన్నిటికన్నా తక్కువ వచ్చే అంకెను ఏరుకుని దానికి జాగ్రత్త అని పేరు పెడతారు.

లెక్కలపుస్తకం
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నాలుగేళ్ల తర్వాత రాబోయే చందాను ఇవాళ ప్రకటనకు ఖర్చు పెట్టడం అంటే అదే. ప్రకటన బిల్లు మాత్రం ఈ నెలే కట్టాలి.

చిన్నసంస్థ
ఈ మాట నిజం. మాకు ఒక సలహాదారు ఇదే పద్ధతిలో జీవితకాల విలువ కట్టి, అందులో సగం దాకా ఖర్చు పెట్టవచ్చని చెప్పాడు. లెక్కలో తప్పు లేదు. కానీ జీతాలు ఇవ్వాల్సిన నెలలో ఖాతాలో డబ్బు లేదు. రాబోయే విలువను చూపిస్తే బ్యాంకు అప్పు ఇవ్వలేదు.

నిదానం
లాభమా కాదా అన్నది ఒక ప్రశ్న, పెట్టిన డబ్బు తిరిగి వచ్చేదాకా తట్టుకోగలమా అన్నది మరొకటి. 80 శాతం నిలిచినా, 2,000 పెట్టి తెచ్చిన మనిషి మీద ప్రస్తుత విలువలో మొదట 1,000, ఏడాదికి 727, రెండేళ్లకు 529 వస్తాయి. అంటే మూడో చందా పడితేనే ఖర్చు తీరుతుంది. కొత్తవారిని వేగంగా చేర్చుకునే కొద్దీ ఈ లోటు పెరుగుతుంది. దీనికి హద్దును ఖాతాలో ఉన్న నగదును బట్టి వేరేగా గీసుకోవాలి.

ప్రచారవిభాగం
సరే, నా అసలు అభ్యంతరం చెబుతాను. 50 మందిలో 20 మంది మొదటిసారి వెళ్లిపోయారు. దాన్ని పట్టుకుని మిగిలిన 30 మంది కూడా ప్రతి ఏడాదీ అదే 60 శాతం చొప్పున కరిగిపోతారని ఎందుకు రాస్తున్నారు? తగ్గింపు కోసం వచ్చినవారు ముందే వెళ్లిపోయారు. పూర్తి ధర కట్టి ఉండిపోయినవారు సేవ నచ్చినవారు. వాళ్లు పాతవారిలాగే నిలుస్తారు.

నిదానం
ఇది బలమైన మాట. ఒకే శాతాన్ని ఏటా వాడే ఈ సూత్రానికి ఉన్న పెద్ద లోపం అదే. తొందరగా వెళ్లేవారు ముందు వెళ్లిపోవడం వల్ల మిగిలినవారి కొనసాగే శాతం సాధారణంగా ఏటికేడు పెరుగుతుంది. మొదటిసారి 60, ఆ తర్వాత 80 అనుకుంటే:

```
1000 + 0.6 * 3667 / 1.1 = 3000
```

తగ్గింపు 400 తీస్తే 2,600. పెట్టింది 2,000 కాబట్టి లాభమే. ఎప్పటికీ 60 అనుకుంటే లెక్కలపుస్తకం గారి 1,800, నష్టం. మీ ఇద్దరి తగాదా తొలి చందా గురించి కాదు, ఈ 30 మంది గురించి.

లెక్కలపుస్తకం
పెరుగుతుందని నమ్మకం ఏమిటి? పూర్తి ధర మొదటిసారి కట్టి, రెండోసారి మానేసేవారు ఉండరా? రుజువు లేనంతవరకు నా పుస్తకంలో 60 శాతమే ఉంటుంది.

ప్రచారవిభాగం
రుజువు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే రుజువు ఇచ్చే చందాదారులే ఉండరు.

నిదానం
ఆ 30 మందికి రెండోసారి గడువు వచ్చినప్పుడు చూడండి. 24 మంది నిలిస్తే 80 శాతం, 18 మందే నిలిస్తే 60. ఇంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా ఏమీ తేలదు, అది కూడా గుర్తుంచుకోండి. ఈలోగా మూడో విడత లాంటి ఖర్చు మాత్రం ఆపాలి. 4,000 పెట్టి తెచ్చిన మనిషి, పాతవారిలా 80 శాతం నిలిచినా 3,667 మించి ఇవ్వడు.

కొత్తమెట్టు
మూడో విడత లాంటి ఖర్చు ఆపేస్తున్నాను. రెండో విడత లాంటిదాన్నే మళ్లీ తగ్గింపు లేకుండా నడపాలనుకుంటున్నాను. 50 మంది రారేమో, కానీ వచ్చినవారు నిలుస్తారేమో చూస్తాను.

ప్రచారవిభాగం
తగ్గింపు మొత్తంగా తీసేయకండి. సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూడండి. లేకపోతే ఫలితం వచ్చాక మళ్లీ ఇదే తగాదా.

లెక్కలపుస్తకం
ఆ సగం సగం పద్ధతికి ఒప్పుకుంటాను. 400ను ఈసారి ఖర్చు ఖాతాలో రాయండి.